సిగ్గుపడకండి అని రాయకుండా పాంప్లెట్ రాయడం

(నల్లగొండలో కౌన్సెలింగ్ కేంద్రాల్లో పనిచేసేవాళ్లకు, వాళ్ల ప్రకటనలు రాసిపెట్టేవాళ్లకు ఇచ్చిన ప్రసంగం. మాట్లాడినదాన్ని మాట్లాడినట్టే రాసి ఇస్తున్నాం.)

అందరికీ నమస్తే. ఇయ్యాల నేను ఒక్క కాగితం గురించే మాట్లాడ్త. కౌన్సెలింగ్ కేంద్రం వాళ్లు అచ్చేయించే పాంప్లెట్. పొద్దున పేపర్ల మధ్యల పెట్టి ఇంటింటికీ పోయేది, మెడికల్ షాపు కౌంటరు మీద కట్టగట్టి పెట్టేది. ఆటో వెనుక స్టిక్కరైనా, ఫోన్ల తిరిగే పోస్టరైనా ఈ కాగితంలోని మాటలే అటు పోతయి. ఇది కుదిరితే అవన్నీ కుదురుతయి.

ముందుగాల మన దిక్కు మామూలుగ కనబడే పాంప్లెట్ ఎట్లుంటదో చదువుత. ఇది ఏ ఒక్క కేంద్రానిదీ కాదు. అన్నిట్లా కనబడే మాటల్నే ఒక్కచోటికి తెచ్చిన.

"మీరు డిప్రెషన్‌తో బాధపడుతున్నారా? మానసిక వ్యాధి మౌనంగా ప్రాణాలు తీస్తుంది! ఆలస్యం చేయకండి. సిగ్గుపడకండి, మేమున్నాం. మానసిక సమస్య కూడా షుగర్, బీపీ లాంటి జబ్బే. 100 శాతం గోప్యత. మూడు సిట్టింగులలో పూర్తి ఉపశమనం."

పక్కన బొమ్మ కూడ ఉంటది. చీకటి గదిల ఒకాయన రెండు చేతుల తల పట్టుకొని కూసుంటడు.

దీన్ని రాసినోళ్ల మనసు మంచిదే. ఎవరో ఒకరికి సాయం అందాలనే రాసిండ్రు. కాని ఇది ఎవరి చేతికి పోతదో చూద్దాం. మిర్యాలగూడల రైసుమిల్లు గుమస్తా ఒకాయన ఉన్నడనుకుందాం. నలభై అయిదేండ్లు ఉంటయి. నెలరోజుల సంది నిద్ర సరిగ్గ లేదు. బిడ్డ పెండ్లికి తెచ్చిన అప్పు మీద మిత్తి పెరుగుతున్నది. ఛాతీల పట్టేసినట్టు ఉంటే ఊళ్లె ఆర్‌ఎంపీ దగ్గరికి పోయిండు, ఆయన గ్యాస్ అన్నడు, గోలీలిచ్చిండు. తగ్గలేదు. నల్లగొండకొచ్చి ఈసీజీ తీయించుకుంటే గుండె మంచిగనే ఉన్నదన్నరు. ఇంటికొచ్చినంక మళ్లా అదే రాత్రి, అదే లెక్క. ఆయనను ఎవరన్న ఏమైంది అని అడిగితే ఏమంటడు? రందిగ ఉన్నది, మనసు మంచిగ లేదు, తలకాయ పనిచేస్తలేదు అంటడు. డిప్రెషన్ అని ఆయన నోట రాదు.

అట్లాంటి మనిషి చేతిల ఈ పాంప్లెట్ పడ్డది. మొదటి లైనుల డిప్రెషన్ అని ఉన్నది. ఇది నాకు కాదు అనుకుంటడు. రెండో లైనుల ప్రాణాలు తీస్తది అని ఉన్నది. అప్పుడు రెండిట్ల ఒకటి జరుగుతది. కాగితం మడిచి పారేస్తడు. లేకపోతే అసలే నిద్రపట్టని మనిషికి ఆ రాత్రి ఇంకొక భయం తోడైతది. భయపెట్టి చెప్తే జనం కదులుతరని మన ప్రకటనల లోకంల ఒక నమ్మకం ఉన్నది. భయంతోటి పాటు చెయ్యగలిగిన చిన్న పని ఒకటి చేతికిస్తేనే అది నడుస్తది. బీపీ చూపించుకో అంటే చూపించుకుంటడు. భయం పెద్దగ చెప్పి, దారి మాత్రం "మేమున్నాం" అని ఊరుకుంటే, మనిషి భయాన్ని తప్పించుకుంటందుకు కాగితాన్నే తప్పించుకుంటడు.

మరి మొదటి లైనుల ఏముండాలె? ఆయన ఇంట్ల ఆయన నోట వచ్చే మాట ఉండాలె. నేనైతే ఇట్ల రాస్త:

"రాత్రి పక్కమీద ఒరిగితే లెక్కలు మొదలైతున్నయా? పొద్దుగాల పనికి పోబుద్ధి అయితలేదా? ఇంట్ల చిన్న మాటకే కోపమొస్తున్నదా? రెండు వారాల సంది ఇట్లనే ఉంటే, ఒకసారి కూసొని మాట్లాడుకునే చోటు ఒకటున్నది."

దీంట్ల జబ్బు పేరు లేదు. జబ్బు పేరు పెట్టే పని పాంప్లెట్‌ది కాదు, ఎదురుగ కూసున్న మనిషిది. రెండు వారాలు అనే మాట మాత్రం నేను కావాలని పెట్టిన, దాన్ని తీసెయ్యొద్దు. కుంగుబాటును గుర్తించేటప్పుడు డాక్టర్లు కూడ కనీసం రెండు వారాల సంది రోజూ ఉంటున్నదా, దానివల్ల పని పాడైతున్నదా అని చూస్తరు. గడువు లేకుండ నిద్ర లేదు, ఆకలి లేదు, కోపం ఎక్కువ అని జాబితా ఇచ్చినమనుకోండి, పత్తి ఏరే కాలంల ఊరు ఊరంత ఆ జాబితాల పడ్తది. పరీక్షలప్పుడు ఇంటర్ పిల్లలంత పడ్తరు. ఇంట్ల చావు జరిగి పదిరోజులు కాని మనిషికి కూడ అది వర్తిస్తది. ఏడ్వాల్సిన దుఃఖాన్ని జబ్బు అన్నట్టు అయితది. ఒక్క గడువు పెడితే సగం మంది నాకు ఇది మామూలు అలసటే అని నిమ్మళపడ్తరు, ఉండాల్సినోళ్లు మాత్రం ఆగి చదువుతరు.

ఇగ "సిగ్గుపడకండి" సంగతి. ఈ మాట మీద ఎక్కువసేపు ఉంట, ఎందుకంటే దీన్ని తీసెయ్యమంటే మీ అందరికీ కష్టమనిపిస్తది. ఆ గుమస్తాకు ఈ కాగితం చూసేదాక సిగ్గు అనే ఆలోచనే లేకపోవచ్చు. నిద్ర పడుతలేదు, అంతే. మనం సిగ్గుపడకండి అనంగనే ఇది సిగ్గుపడాల్సిన సంగతి అని పదిమంది అనుకుంటున్నరన్న మాట ఆయనకు మనమే చేరవేసినట్టు. కంటి దవాఖాన వాళ్లు సిగ్గుపడకండి అని రాయరు గదా. "సమాజం ఏమనుకుంటుందో అని భయపడకండి", "మిమ్మల్ని పిచ్చివాళ్లుగా చూడం" అనే మాటలది కూడ ఇదే కత.

దానికంటె పెద్ద తప్పు ఒకటి జరుగుతది. "ఇది ఎర్రగడ్డ కాదు, మామూలు సమస్యలకే" అని కొందరు చెప్పుకుంటరు. మన దిక్కు చిన్నప్పటి సంది ఎర్రగడ్డ పేరు ఒకరినొకరు తిట్టుకుంటందుకు వాడుకున్నం. అక్కడ ఉన్నది ప్రభుత్వ మానసిక చికిత్సాలయం. అక్కడికి పోయి మందులు వాడి, ఇంటికొచ్చి ఎవుసం చేసుకుంటున్నోళ్లు, దుకాణాలు నడుపుతున్నోళ్లు మన జిల్లాలల్ల ఉన్నరు. మనం వాళ్లసొంటోళ్లం కాదు అని చెప్పి మన దగ్గరికి వచ్చేటోళ్ల సిగ్గు తగ్గిస్తే, ఆ సిగ్గునంత తీసుకపోయి వాళ్ల నెత్తిన పెట్టినట్టు. రేపు మన దగ్గరికి వచ్చిన మనిషికే పెద్ద డాక్టరు అవసరం పడొచ్చు. అప్పుడు మన పాంప్లెట్టే ఆయన దారికి అడ్డం పడ్తది. ఆ లైను ఏ రూపంల వచ్చినా నేను ఒప్పుకోను.

షుగర్, బీపీ లాంటి జబ్బే అన్న మాట ఎన్నో సభలల్ల వినబడ్తది. మంచి ఉద్దేశమే. మెదడు జబ్బు అని చెప్తే జనం నింద వెయ్యరు అనుకుంటం. నింద కొంత తగ్గే మాట నిజమే. కాని ఈ సంగతి మీద అమెరికాలో 1996లో, మళ్లా 2006లో జనాన్ని అడిగి పోల్చి చూసిండ్రు. బెర్నీస్ పెస్కోసోలిడో అనే సామాజికశాస్త్రవేత్త, ఆమెతోటి పనిచేసినవాళ్లు 2010లో ఆ ఫలితం అచ్చేసిండ్రు. ఆ పదేండ్లల్ల మెదడుల రసాయనాల తేడా వల్లనే వస్తదని నమ్మేటోళ్లు పెరిగిండ్రు. అయినా గాని అట్లాంటి మనిషి పక్కింట్ల ఉంటే ఒప్పుకుంటరా, కలిసి పనిచేస్తరా అని అడిగితే దూరం మాత్రం తగ్గలేదు. మెదడే అట్లుంటే ఇగ మారడు అనే ఆలోచన లోపల పడ్తదని ఇంకొన్ని పరిశోధనలు చెప్పినయి. అందుకని పాంప్లెట్ల కారణాల జోలికి పోవద్దంట నేను. కారణం చెప్తే నమ్మకం కుదరదు, లోపల ఏం జరుగుతదో చెప్తే కుదురుతది.

నేను ఇయ్యాల చెప్పదలుచుకున్న అసలు సంగతి ఇదే. మనిషిని ఆపేది సిగ్గు అని మనం అనుకుంటం గాని, చాలావరకు ఆపేది తెలియనితనం. ఆ తలుపు తీసుకొని లోపలికి పోతే ఏం జరుగుతది? కరెంటు పెడ్తరా? మత్తు గోలీలిస్తరా? ఇంట్లోళ్లను పిలుస్తరా? ఎన్ని పైసలు అడుగుతరు? పేరు ఎక్కడన్న రాస్తరా, రేపు బిడ్డ సంబంధానికి అడ్డం వస్తదా? ఈ ప్రశ్నలన్నిటికీ జవాబులు మన దగ్గర ఉన్నయి. వాటిని రాయకుండ మేమున్నాం అని రాస్తం. పాంప్లెట్‌ల సగం జాగ మొదటి రోజుకే ఇయ్యాలె. ఇట్ల:

"మొదటిసారి వస్తే ఏం జరుగుతది? ఒక గది, అందుల ఒక కౌన్సెలరు, మీరు. ముప్పావుగంట మాట్లాడుకుంటరు. చెప్పాలనిపించినంతే చెప్పొచ్చు. కౌన్సెలరు మందులు రాయరు. డాక్టరుకు చూపించుకుంటే మంచిదనిపిస్తే ఆ మాట మీకే చెప్పి, ఎక్కడికి పోవాల్నో రాసిస్తరు. మళ్లా రావాల్నా వద్దా అనేది మీ ఇష్టం. ఒక్కసారికి ఫీజు 300 రూపాయలు."

ఫీజు అంకె మీ కేంద్రానిది మీరు వేసుకోండి, కాని వెయ్యండి. "తక్కువ ఫీజు" అని రాస్తే మన దిక్కు ఎవరూ నమ్మరు. ఉచితమైతే ఎందుకు ఉచితమో ఒక్క ముక్క రాయండి, లేకపోతే లోపల ఏదో అమ్ముతరనుకుంటరు. ఎవరు కూసుంటరో కూడ రాయండి. సైకియాట్రిస్టు అంటే వైద్యం చదివిన డాక్టరు, మందులు రాస్తరు. క్లినికల్ సైకాలజిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాల రిజిస్ట్రేషన్ ఉంటది. కౌన్సెలరు చదువు వేరు. వచ్చేటోళ్లకు ఈ తేడా తెలువది, అందర్ని డాక్టర్‌సాబ్ అంటరు. తెలువనోళ్లను ఆ పొరపాటుల ఉంచి లాభపడొద్దు. పేరు కింద చదువు, రిజిస్ట్రేషన్ ఉంటే దాని నంబరు పెట్టండి.

మూడు సిట్టింగులల్ల పూర్తి ఉపశమనం అనే లైను మాట్లాడకుండ కొట్టెయ్యండి. అట్ల హామీ ఇచ్చే శక్తి ఎవరికీ లేదు, వినియోగదారుల చట్టం కింద తప్పుడు ప్రకటన కూడ అయితది. నాలుగోసారి రావాల్సిన మనిషి నాకే ఏదో పెద్దగున్నది అని భయపడి రావడం మానేస్తడు, నాకు దానిమీదనే ఎక్కువ బాధ.

100 శాతం గోప్యత అనే మాట దగ్గర కొంచెం ఆగాలె. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంల 23వ సెక్షన్ గోప్యతను హక్కుగ ఇచ్చింది. అదే సెక్షన్‌ల మినహాయింపులు కూడ ఉన్నయి. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, ఇంకొకరికి హాని జరగకుండ ఆపాల్సి వచ్చినప్పుడు చెప్పొచ్చు. పిల్లల మీద లైంగిక దాడి సంగతి తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం చెప్పి తీరాలె. మరి 100 శాతం అని ఎట్ల రాస్తం? రాసి, రేపు ఒకరోజు ఇంట్లోళ్లకు ఫోన్ చేయాల్సొస్తే, ఆ మనిషి మళ్లా జన్మల ఏ కౌన్సెలరునూ నమ్మడు. మినహాయింపులన్నీ పాంప్లెట్ మీద చట్టం భాషల రాస్తే చదివేటోళ్లు బెదురుతరు. నేను ఇట్ల రాస్త: "మీరు చెప్పింది మీ ఇంట్లవాళ్లకు గాని, పనిచేసే దగ్గర గాని చెప్పం. ఎవరిదన్న ప్రాణం మీదికి వచ్చినప్పుడో, చట్టం తప్పనిసరి అన్నప్పుడో మాత్రం సాయం పిలుస్తం, వీలైనంతవరకు ముందు మీతోనే మాట్లాడి. మొదటిరోజు కూసోంగనే ఈ సంగతి వివరంగ చెప్తం." రెండు మూడు లైన్లు పెరిగినయి. పెరగనియ్యండి. హద్దు చెప్పినోన్ని మనిషి ఎక్కువ నమ్ముతడు.

గోప్యత కాగితం మీద రాస్తే అయిపోదు, ఫోన్ దగ్గర తేలుతది. మిస్డ్ కాల్ ఇయ్యండి, మేమే చేస్తం అని రాస్తరు. ఆ నంబరు ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోన్ కావచ్చు. మీరు తిరిగి చేసినప్పుడు ఆయన కొడుకు ఎత్తుతడు. "కౌన్సెలింగ్ సెంటర్ నుంచి మాట్లాడుతున్నం, నాన్న ఉన్నడా" అన్నరనుకోండి, మీ పాంప్లెట్ల రాసిన గోప్యత ఆ ఒక్క వాక్యంతోనే పోయింది. పాలమూరు దిక్కు భర్త భీవండికో ముంబైకో పనికి పోయి, ఆడబిడ్డ అత్తగారింట్ల ఉన్నచోట ఇంకా జాగ్రత్త కావాలె. అందుకే మిస్డ్ కాల్ వద్దంట. "పొద్దున 10 నుంచి సాయంత్రం 6 దాక చెయ్యండి. మేము తిరిగి చెయ్యాల్నంటే ఏ టైముకు చెయ్యాల్నో మీరే చెప్పండి" అని రాయండి. గుర్తుచేసే మెసేజ్‌ల కూడ కేంద్రం పేరు లేకుండ, "రేపు 11 గంటలకు" అని ఉంటే సరిపోతది.

కొందరు అడుగుతరు, బాగుపడ్డోళ్ల మాటలు పాంప్లెట్ల పెడితే మంచిగ ఉంటది గదా అని. వాళ్ల ప్రశ్నల అర్థం ఉన్నది. జనంల ఉన్న దూరాన్ని తగ్గించేదాంట్ల, పెద్దవాళ్ల విషయంల, అన్నిటికంటె బాగ పనిచేసేది ఆ బాధ దాటొచ్చిన మనిషిని ఎదురుగ చూడడం, ఆయనతోటి మాట్లాడడమేనని ప్యాట్రిక్ కోరిగన్ బృందం 2012లో ఎన్నో అధ్యయనాలు కలిపి చూసి చెప్పింది. ఎదురుగ చూడడం అన్నరు, కాగితం మీద ముచ్చట కాదు. మన దగ్గర చికిత్సల ఉన్న మనిషిని నాలుగు మంచి మాటలు రాసియ్యమని అడిగితే ఆయన కాదనలేడు. అది అడగడమే తప్పు. పేరు మార్చినా మన ఊర్లల్ల దాగదు. "నకిరేకల్ దగ్గర కిరాణం నడిపే ఒకాయన, ఇద్దరు ఆడపిల్లలు" అంటే సాయంత్రానికి ఎవరో తెలిసిపోతది. ఎన్నడో బయటపడి, తనంతట తానే చెప్పుకుంటనన్న మనిషి దొరికితే, మహిళా సంఘం మీటింగుల పది నిమిషాలు మాట్లాడమనండి. పాంప్లెట్ల మాత్రం వద్దు.

బొమ్మ గురించి ఒక్క మాట. తల పట్టుకున్న మనిషి బొమ్మ చూస్తే చదివేటోడు తనను ఆ బొమ్మల చూసుకోడు, చూసుకోబుద్ధి కాదు. మీ గది ఫోటో పెట్టండి. రెండు కుర్చీలు, కిటికీ, నీళ్ల సీసా. వచ్చేటోడు ముందే ఆ గదిని చూసి ఉంటడు. అడ్రసు రాసేటప్పుడు మెట్లు ఎటునుంచో కూడ రాయండి. క్లాక్ టవర్ దగ్గర, కింద బట్టల దుకాణం, పైన రెండో తలుపు అన్నరనుకోండి, ఆయనకు ఎవర్నీ అడగాల్సిన పని ఉండదు. దారి అడగాల్సి వస్తదనే సగం మంది ఆగిపోతరు.

ఇగ చివరి లైను. మాట్లాడితే కుదుటపడే స్థితి దాటినోళ్ల చేతికి కూడ ఈ కాగితం పోతది. వాళ్లకు రేపు 10 గంటలకు ఫోన్ చెయ్యి అంటే సరిపోదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10 నాడు టెలీ మానస్ మొదలుపెట్టింది. నంబరు 14416. ఇరవై నాలుగు గంటలు ఎత్తుతరు, పైసలు లేవు, తెలుగుల మాట్లాడ్తరు. "రాత్రిపూట తట్టుకోలేనట్టు అనిపిస్తే తెల్లారేదాక ఆగకండి, 14416కు చెయ్యండి" అని పెట్టండి. ఆత్మహత్య అనే మాటను పాంప్లెట్ మీద నేను వాడను. అది పిల్లల నుంచి ముసలోళ్ల దాక అందరి చేతుల తిరిగే కాగితం. కాని ఇది ఫోనెత్తే మనిషికి వర్తించదు. అవతలి గొంతుల అనుమానం తగిలితే "చచ్చిపోవాలనిపిస్తున్నదా" అని నేరుగ అడగాలె. అడిగితే లేని ఆలోచన పుడ్తదని మనోళ్లు భయపడ్తరు. అట్ల పుట్టదని పరిశోధనలు తేల్చినయి, అడిగినందుకు మనిషికి భారం దిగినట్టు అయితది. ఫోన్ దగ్గర కూసునే పిల్లకో పిల్లగానికో ఈ ఒక్క ప్రశ్న నేర్పకుండ పాంప్లెట్ పంచొద్దు.

అచ్చుకు ఇచ్చే ముందు ఏడెనిమిది మందికి చూపించండి. మన ఆఫీసోళ్లకు కాదు. మార్కెట్ యార్డుల హమాలీకి, అంగన్‌వాడీ టీచరుకు, డిగ్రీ పిల్లగానికి. బాగుందా అని అడగొద్దు, బాగుందనే అంటరు. ఇది ఎవరి కోసం రాసిండ్రని అడగండి. "పిచ్చోళ్ల కోసం" అన్నరంటే మొదటి లైను మళ్లా రాయాలె. "నిద్ర పట్టనోళ్లకు, రందితోటి ఉన్నోళ్లకు" అన్నరంటే కుదిరినట్టు. ఇంకోటి, ఈ కాగితాన్ని ఇంటికి తీసుకపోతే ఎక్కడ పెడ్తవని అడగండి. టీవీ మీద పెడ్త అంటే మంచిదే. అంగీ జేబుల పెట్టుకుంట అంటే, కాగితం సైజు జేబుకు పట్టేటట్టు చెయ్యండి, మడిస్తే పైకి కనబడే దిక్కు నిద్ర ముచ్చట ఉండేటట్టు చూడండి. పారేస్త అంటే ఏ మాట దగ్గర పారెయ్యాలనిపించిందో అడిగి, ఆ మాట కింద గీత కొట్టుకోండి.

పంచినంక ఫోన్లు మొదలైతయి. వచ్చిన ప్రతి ఫోనుకు ఒక చిన్న పుస్తకంల మూడు సంగతులు రాసుకోమనండి: మొదట ఏమడిగిండ్రు, ఏ మాట చూసి చేసిండ్రు, ఫోన్ ఎవరి కోసం. మొదట అడిగింది మందులిస్తరా అనే ప్రశ్నే మళ్లా మళ్లా వస్తున్నదంటే, మందులు రాయరు అనే లైను కిందెక్కడో చిన్నగ పడ్డట్టు లెక్క, దాన్ని పైకి తేవాలె. భార్యలే ఎక్కువ చేస్తున్నరంటే రెండోసారి అచ్చేసేటప్పుడు వాళ్లకు ఒక లైను చేర్చాలె: "మీ ఇంట్ల ఎవరి గురించన్న అడగాలన్నా మీరు ఒక్కరే రావొచ్చు, వాళ్లను తీసుకరావాల్సిన పని లేదు." మొదటిసారి వెయ్యి కంటె ఎక్కువ కొట్టియ్యొద్దు. ఆ పుస్తకం చూసి మార్చినంకనే రెండోసారి ప్రెస్సుకు పోవాలె.